క్యాంటీన్ భోజనం, క్యాంపు తిండి: షుగరు వచ్చాక నేను వేసుకున్న లెక్కలు

మా కర్మాగారం క్యాంటీన్‌లో రేపు మధ్యాహ్నం ఏం పెడతారో ఈరోజే చెప్పేయవచ్చు. అన్నం, పలచటి పప్పు, సాంబారు, చారు, ఒక వేపుడు, ఒక పచ్చడి, మజ్జిగ, అప్పడం. వారంలో రెండు రోజులు కోడిగుడ్డు, శుక్రవారం పులిహోర. నచ్చకపోతే ముత్తుకూరు రోడ్డు దాకా నడిచి వెళ్ళి తినాలి. భోజన విరామం చూస్తే అరగంట. క్యాంటీన్ తప్పితే క్యాంపులు. వేబ్రిడ్జిలు, కాటాలు సరిచేయడం నా పని కాబట్టి చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు, పొదిలి, కనిగిరి వైపు పొగాకు వేలం కేంద్రాలకు, నెల్లూరు చుట్టుపక్కల బియ్యం మిల్లులకు తిరుగుతూనే ఉంటాను. ఇంటి భోజనం రాత్రి పూట, అదీ క్యాంపు లేని రోజుల్లో మాత్రమే.

అలాంటి సమయంలో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.8 వచ్చింది. గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో చెప్పే పరీక్ష ఇది. 6.5 గాని అంతకు పైన గాని ఉంటే మధుమేహం కిందే లెక్క. డాక్టరు గారు రాత్రి భోజనం తర్వాత వేసుకోమని మెట్‌ఫార్మిన్ రాశారు. తిన్న రెండు గంటలకు చక్కెర 160 దాటకుండా చూసుకోమన్నారు. ఆ తర్వాత ఆహార నియమాల కాగితం ఒకటి చేతికిచ్చారు. అందులో ఓట్స్, మొలకలు, ఉడికించిన కూరగాయలు, గ్రిల్ చేసిన చేప ఉన్నాయి. అవన్నీ మంచివే, మా క్యాంటీన్‌లో మాత్రం దొరకవు. ఉన్నవాటితోనే ఎలా నెట్టుకురావాలో నేనే తేల్చుకోవాల్సి వచ్చింది.

తూకం నా వృత్తి. అందుకని అక్కడినుంచే మొదలుపెట్టాను. చిన్న వంటింటి కాటా ఒకటి తీసుకెళ్ళి, రోజూ తినేంత అన్నమే పెట్టించుకుని తూచాను. వడ్డించే అక్క నిండుగా వేసే ఒక్కో హస్తం దాదాపు 150 గ్రాములు తూగింది. పప్పుకు ఒకటి, సాంబారుకు ఒకటి, చివర మజ్జిగకు ఒకటి. మొత్తం 450 గ్రాములు. వండిన తెల్ల అన్నంలో ప్రతి 100 గ్రాములకు 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అంటే ఆ పళ్ళెంలో అన్నం ఒక్కటే 125 గ్రాముల పైమాట. జీర్ణమయ్యాక అది గ్లూకోజే కాబట్టి పంచదార లెక్కలో చెప్పాలంటే 25 చెంచాలు. పక్కనున్న పప్పు ఒక్క గరిటె, అది కూడా పైతేట.

ఆరోజు భోజనానికి ముందు గ్లూకోమీటరులో 108 ఉంది. తిన్న రెండు గంటలకు 196.

ఇక్కడ మన భోజనం తీరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. మన వడ్డనలో ప్రతి పదార్థానికీ విడిగా అన్నం కావాలి. పప్పన్నం, కూరన్నం, సాంబారన్నం, చారన్నం, పెరుగన్నం. ఏ దశలోనూ ఎక్కువ తిన్నట్టు అనిపించదు, ఎందుకంటే ప్రతిసారీ పెట్టించుకునేది కొంచెమే. చివర్లో మజ్జిగకు వేసుకునే అన్నాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ‘కడుపు చల్లబడటానికి’ అంటారు. నా కాటా మీద ఆ చల్లబడే అన్నం 150 గ్రాములు. అన్నం మానేయమని చెప్పే సలహాలు మన దగ్గర నిలబడకపోవడానికి కారణం కూడా ఇదే. అన్నం తీసేస్తే సాంబారు, చారు, మజ్జిగ అన్నీ ఒకేసారి దిక్కులేనివి అవుతాయి.

అందుకే ముందు పరిమాణం జోలికి పోకుండా వరుస మార్చి చూశాను. అదే పళ్ళెం, అంతే అన్నం. ముందు వేపుడు, పప్పు ఉత్తవే తిన్నాను. కాస్త ఆగి, ఆ తర్వాత అన్నం కలుపుకున్నాను. కూరల్లోని పీచు, పప్పులోని ప్రొటీను ముందు కడుపులో చేరితే అన్నం పేగుల్లోకి నెమ్మదిగా దిగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఇది నేను కనిపెట్టింది కాదు, పరిశోధనల్లో తేలిన విషయమే. నా మీటరులో రెండు గంటల తర్వాత 174 చూపించింది. మళ్ళీ మరో రోజు చూసినా ఆ దరిదాపుల్లోనే ఉంది. పైసా ఖర్చు లేకుండా 20 అంకెలు తగ్గాయి, కానీ 160 గీత ఇంకా దూరంగానే ఉంది.

తర్వాతి అడుగు పరిమాణం. హస్తంతో చెబితే లాభం లేదు, ‘కొంచెం’ అంటే వడ్డించేవాళ్ళకు ఒక లెక్క, మనకు ఒక లెక్క. మా క్యాంటీన్ అరల పళ్ళెంలో పచ్చడికి ఒక చిన్న గుంట, దాని పక్కన కూరకు కాస్త పెద్ద గుంట ఉంటాయి. కూర గుంటలో గట్టు దాకా అన్నం సర్దితే 200 గ్రాములు పట్టింది. అందుకని అన్నాన్ని కూర గుంటలో పెట్టించుకుని, అన్నం ఉండాల్సిన పెద్ద అరలో పప్పు, వేపుడు పోయించుకోవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత రోజూ కాటాతో పని పడలేదు. మొదటిసారి అక్క నా పళ్ళెం కేసి చూసి, “ఏమి సార్, అన్నం ఉడకలేదా?” అని అడిగింది. షుగరు వచ్చిందని చెప్పాను. “మా ఆయనకూ ఉంది సార్” అంటూ గరిటెను పప్పు గిన్నె అడుగు దాకా ముంచి తీసింది. ఆ అడుగు పప్పు విలువ తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. పైతేటలో చింతపండు, ఉప్పు, పసుపు తప్ప పెద్దగా ఏమీ ఉండవు, కందిపప్పు అంతా కిందే పేరుకుని ఉంటుంది. రెండు గరిటెల అడుగు పప్పులో 10 గ్రాములకు తగ్గకుండా ప్రొటీను వస్తుంది. ఇంటినుంచి ఉడకబెట్టిన కోడిగుడ్డు ఒకటి తెచ్చుకుంటే ఇంకో 6 గ్రాములు.

పప్పు, వేపుడు, గుడ్డు ముందు తిని, 200 గ్రాముల అన్నాన్ని సాంబారుతో తిని, మజ్జిగ గ్లాసులో పోసుకుని తాగాను. రెండు గంటలకు 148.

ఆ మజ్జిగ గ్లాసు దగ్గర మొదట్లో మనసు ఒప్పుకోలేదని చెప్పక తప్పదు. పెరుగన్నం, ఆవకాయ బద్ద లేకుండా భోజనం ముగిస్తే విందులో సగంలో లేచి వచ్చినట్టే ఉంటుంది. కొన్నాళ్ళకు అలవాటైంది, పూర్తిగా కాదు. ఆదివారం ఇంట్లో మాత్రం నాలుగు ముద్దల పెరుగన్నం ఉంటుంది, వాటికి తగ్గట్టు సాంబారన్నం మానేస్తాను.

అన్నం తగ్గించాక సాయంత్రం నాలుగింటికి ఆకలి వేస్తుంది. ఆ సమయంలో క్యాంటీన్‌లో దొరికేవి సమోసా, బజ్జీ, బిస్కెట్లు. మధ్యాహ్నం దక్కించుకున్నదంతా అక్కడ పోతుంది. నా సొరుగులో వేయించిన శనగల డబ్బా ఒకటి పెట్టుకున్నాను. గుప్పెడు శనగలు, పంచదార లేని టీ. పొట్టు తీసిన పుట్నాలకన్నా పొట్టుతో ఉన్న శనగలు నయం, నమలడానికి సమయం పడుతుంది, కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి.

వేపుడు అంటే ప్రతిదీ కూరగాయ కాదు. వంకాయ, బెండకాయ, దొండకాయ, గోరుచిక్కుడు వేపుడయితే ఇంకో గరిటె అడుగుతాను. బంగాళాదుంప, చేమదుంప వేపుడయితే దాన్ని అన్నం ఖాతాలోనే రాసి, అన్నం ఇంకో రెండు ముద్దలు తగ్గిస్తాను. పులిహోర రోజు అన్నిటికంటే కష్టం. పప్పు ఉండదు, కూర ఉండదు, అన్నాన్ని విడదీయడం కుదరదు. ఆరోజు ఇంటినుంచి రెండు గుడ్లు, ఒక కీరదోసకాయ తెచ్చుకుని, పులిహోర కూర గుంట వరకే పెట్టించుకుంటాను. అవి తేవడం మరిచిపోయిన శుక్రవారాల్లో మీటరు చూడను, చూసినా చేసేదేమీ లేదు. భోజనమయ్యాక తూకాల షెడ్డు చుట్టూ పదిహేను నిమిషాలు నడుస్తాను. నడకలో కండరాలు కొంత గ్లూకోజును వాడేసుకుంటాయి.

మీటరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలన్నీ దాని మీదే నిలబడ్డాయి. కాటాకు తప్పు ఉన్నట్టే దీనికీ ఉంటుంది. ఇంట్లో వాడే మీటర్లు ప్రయోగశాల ఫలితానికి 15 శాతం అటూఇటూ చూపించినా ప్రమాణాల ప్రకారం సరైనవే. కాబట్టి ఒకరోజు 148, మరోరోజు 156 వస్తే రెండూ ఒకటే. 196, 148 మధ్య తేడా మాత్రం నిజమైన తేడా. రెండు గంటల లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న క్షణం నుంచి మొదలవుతుంది, చేయి కడుక్కున్నప్పటినుంచి కాదు. గుచ్చేముందు చేతులు కడిగి తుడుచుకోవాలి. ఒకసారి బత్తాయి ఒలిచిన చేత్తోనే చూస్తే 231 వచ్చింది, కడుక్కుని చూస్తే 139. వేలి మీదున్న పండురసం కూడా చక్కెరే కదా. ఇక మన ఎండలు. నెల్లూరు, ఒంగోలుల్లో మే నెల వేడికి మూసిన కారులో వదిలేసిన స్ట్రిప్పులు పాడవుతాయి. సీసా మీద సాధారణంగా 30 డిగ్రీలలోపు ఉంచమని రాసి ఉంటుంది. తిన్నదానికీ అంకెకూ బొత్తిగా పొంతన కుదరకపోతే ముందు స్ట్రిప్పును అనుమానించి, కొత్త సీసాతో చూడాలి.

క్యాంటీన్‌కు ఇంకో దారి కూడా ఉంది. 250 మందికి మించి కార్మికులుండే కర్మాగారాల్లో క్యాంటీన్ గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. నిర్వహణలో కార్మికుల ప్రతినిధులకు చోటు కల్పించింది కూడా ఆ చట్టమే. మా కమిటీ కూర్చుంటే సాధారణంగా అప్పడాలు మెత్తబడిన సంగతే మాట్లాడుకుంటారు. నేను వెళ్ళి రెండే అడిగాను. కోడిగుడ్డు రోజూ విడిగా అమ్మాలి, దుంపల వేపుడు వారంలో ఒక్కరోజుకు మించకూడదు. మొదటిది వెంటనే ఒప్పుకున్నారు, కాంట్రాక్టరుకు అందులో లాభమే. రెండోదానికి ససేమిరా అన్నారు, బంగాళాదుంప వేపుడు రోజు క్యాంటీన్‌లో జనం ఎక్కువట.

క్యాంపుల్లో పద్ధతి వేరు. అక్కడ వడ్డించే అక్క తెలియదు, పళ్ళెం గుంటలు తెలియవు, ఏ పూట ఎక్కడ ఉంటామో కూడా తెలియదు. చీమకుర్తిలో పని పడిన ఒక రోజు సంగతి చెబుతాను.

తెల్లవారుజామున నెల్లూరులో బయలుదేరితే ఒంగోలు చేరేసరికి టిఫిను వేళ అవుతుంది. హోటల్లో ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, దోశ, పెసరట్టు ఉన్నాయి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది కాబట్టి తేలికని అనుకుంటాం. నూనె విషయంలో అది నిజమే, చక్కెర విషయంలో మాత్రం ఇడ్లీ రవ్వ అంటే బియ్యమే. నాలుగు ఇడ్లీలు తిన్న పూట నాకు 180 దాటింది. ఉప్మా లేకుండా రెండు పెసరట్లు, అల్లం పచ్చడి తింటే 150 దగ్గర ఆగింది, పెసలలో ప్రొటీను, పీచు ఉండటమే కారణం. పెసరట్టు దొరకని చోట రెండు ఇడ్లీలు, ఒక వడ, వేరుశనగ పచ్చడి ఎక్కువగా వేయించుకుంటాను. నెల్లూరు నేతి కారం దోశ జోలికి క్యాంపు పొద్దున వెళ్ళను, ఒక్కదానితో ఆగే శక్తి నాకు లేదు.

క్వారీలో అడుగుపెట్టగానే టీ వస్తుంది. గంటకోసారి వస్తూనే ఉంటుంది. వద్దంటే మర్యాదగా ఉండదు. పంచదార లేకుండా ఇవ్వమని అడిగితే కుదరదు, పాలల్లో ముందే కలిపి మరిగించేస్తారు. ఒక్కో చిన్న కప్పులో రెండు చెంచాలనుకున్నా సాయంత్రానికి లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. పాలు లేని డికాక్షన్ గాని, మజ్జిగ గాని ఉంటే ఇవ్వండని అడుగుతాను. ఎండ ఎక్కువగా ఉంటే నిమ్మకాయ సోడా, ఉప్పుతో.

మధ్యాహ్నం మీల్స్ హోటలు. ఫుల్ మీల్స్ అంటే అన్నం అడిగినంత పెడతారు, కూరలు చిన్న గిన్నెల్లో లెక్కగా పెడతారు. నాకు కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. కాబట్టి కూర్చోగానే ఒక మాట చెప్పేస్తాను, “అన్నా, అన్నం ఒక్కసారే పెట్టు, మళ్ళీ తేవద్దు. పప్పు, ఆకుకూర ఇంకోసారి కావాలి, డబ్బులు పడితే వేసుకో.” చాలా చోట్ల డబ్బులు తీసుకోరు, మిగిలిన అన్నం వాళ్ళకు కలిసివస్తుంది. రెండో అన్నం బుట్ట పక్కకు రాకుండా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం కూడా ఒక విద్యే. చేపల పులుసు ఉన్న చోట ముక్కలు రెండు అదనంగా కొనుక్కుంటాను. పులుసును మాత్రం అదుపులో పెట్టాలి, నెల్లూరు పులుసు ఎంత అన్నాన్నైనా లాగేసుకుంటుంది.

రాత్రికి కర్రీ పాయింటు నన్ను ఆదుకుంది. ఏ పట్టణంలో చూసినా బస్టాండు పరిసరాల్లో ఒకటి ఉంటుంది. అన్నం లేకుండా ఒక పప్పు పొట్లం, ఒక కాయగూర పొట్లం కొని, పక్క బండి దగ్గర రెండు ఉడికించిన గుడ్లు, జొన్న రొట్టెలు దొరికితే రెండు తీసుకుని లాడ్జి గదిలో తింటాను. మార్కాపురం, గిద్దలూరు వైపు సాయంత్రాలు రొట్టెల బండ్లు ఉంటాయి, పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. కూర ఎన్నింటికి వండారో అడిగి కొనాలి. మధ్యాహ్నం కూర అయితే వద్దంటాను, క్యాంపులో కడుపు చెడితే షుగరు కన్నా అదే పెద్ద ఇబ్బంది.

చిరుధాన్యాల మీద మాత్రం నాకున్న భ్రమ మీటరే తొలగించింది. రాగి సంగటి ఒక ముద్ద, పల్చటి కూర తిన్న రాత్రి 172. మెత్తగా విసిరిన పిండి, అందులో నూకల అన్నం, పైగా బాగా ఉడికించినది, త్వరగానే అరుగుతుంది. పప్పు, గుడ్డుతో కలిపి సగం ముద్ద తింటే తగ్గింది. ధాన్యం ఏదన్నదానికన్నా ఎంత, దేనితో అన్నదే నా అంకెలను మార్చింది. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు, ఒకే భోజనానికి ఇద్దరి శరీరాలు ఒకేలా స్పందించవు.

ఈ లెక్కలు అందరికీ పనికిరావని ఒక ప్రయాణంలో కళ్ళారా చూశాను. మాతో వచ్చిన డ్రైవరుకు చాలాకాలంగా షుగరు ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వాడతాడు. పొద్దున మాత్ర వేసుకున్నాడు, నన్ను చూసి టిఫిను సగం మానేశాడు. పొదిలి దాటాక పని తెమలక భోజనం మూడు గంటలైంది. చేతులు వణుకుతున్నాయని, చెమటలు పోస్తున్నాయని చెప్పి బండి పక్కకు ఆపాడు. నా మీటరుతో చూస్తే 62. 70 కంటే తగ్గితే వెంటనే చక్కెర ఇవ్వాలి. దుకాణంలో మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాం, అంటే సుమారు 15 గ్రాములు. పదిహేను నిమిషాలాగి చూస్తే 91. అప్పుడు కడుపు నిండా అన్నం తినిపించి, బండి నేను నడిపాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళలో చక్కెర అలా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవాళ్ళు ఇన్సులిన్‌ను పెంచే మందు ఒంట్లో ఉంచుకుని అన్నం తగ్గిస్తే ఇదే జరుగుతుంది. వాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు మార్పించుకున్నాకే పళ్ళెం మార్చాలి. అప్పటినుంచి నా సంచిలో శనగలతోపాటు గ్లూకోజు పొడి పొట్లం కూడా ఉంటుంది, నాకు కాదు, పక్కన ఉన్నవాళ్ళకు.

తర్వాతి పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. మాత్ర పాలు ఎంత, పళ్ళెం పాలు ఎంత అని విడదీయలేను. డాక్టరు గారు మాత్ర కొనసాగించమన్నారు.

ఇంకా లొంగనిది మిల్లు యజమానుల ఆతిథ్యం. కాటా సరిచేసి సీలు వేయించగానే ఇంటికి పిలుస్తారు. మొలగొలుకుల బియ్యం అన్నం, నెయ్యి, పక్కన మలై కాజా. “మా బియ్యం తినకుండా వెళితే ఎలాగండీ” అని ఇల్లాలు స్వయంగా వడ్డిస్తుంటే గుంటల లెక్కలు పనిచేయవు. అక్కడ చేసేది ఒక్కటే. పిలుపు ఉందని ముందే తెలిస్తే పొద్దున టిఫినుకు గుడ్లు, శనగ గుగ్గిళ్ళు తిని సరిపెడతాను. ఆ ఇంట్లో కూరతో మొదలుపెట్టి అన్నం రెండుసార్లు పెట్టించుకుంటాను, కాజా సగం తుంచి మిగతాది మా కుర్రాడికిస్తాను. ఆరోజు 190 వచ్చినా పుస్తకంలో రాసి, పక్కన ‘మిల్లు’ అని గుర్తు పెడతాను, డాక్టరు గారు పుస్తకం చూసినప్పుడు అడగకుండానే అర్థమవుతుంది.